పక్కన నడిచిన నాలుగో మనిషి

1916 మే 19, తెల్లవారుజామున మూడు గంటలు. అంటార్కిటికాకు దగ్గర్లోని దక్షిణ జార్జియా దీవిలో ముగ్గురు మనుషులు వెన్నెల్లో మంచుకొండ ఎక్కడం మొదలుపెట్టారు. వాళ్ల నాయకుడు ఎర్నెస్ట్ షాకిల్టన్. మిగతా ఇద్దరిలో ఒకరు ఓడ కెప్టెన్ ఫ్రాంక్ వోర్స్‌లీ, మరొకరు టామ్ క్రీన్ అనే ఐరిష్ నావికుడు. వాళ్ల ఓడ ‘ఎండ్యూరెన్స్’ అంతకు ఆరు నెలల ముందే మంచులో నలిగి మునిగిపోయింది. ఇరవై ఇద్దరు మనుషులు ఎలిఫెంట్ దీవి మీద, తిరగేసిన పడవల కింద తలదాచుకుని ఎదురు చూస్తున్నారు. సాయం తేవడానికి ఆరుగురు ఒక చిన్న పడవలో పదమూడు వందల కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి ఇక్కడికి చేరారు. కానీ చేరింది దీవికి ఈ పక్క. మనుషులుండే తిమింగలాల వేట కేంద్రం ఆ పక్క. మధ్యలో అప్పటిదాకా ఎవరూ దాటని కొండలు.

డేరా లేదు, పడుకోవడానికి సంచులు లేవు. పడవ చెక్కల్లోంచి ఊడదీసిన స్క్రూలను బూట్ల అడుగున బిగించుకున్నారు, మంచు మీద జారకుండా. చేతిలో ఒక తాడు, వడ్రంగి బాడిస. ముప్పై ఆరు గంటలు దాదాపు ఆగకుండా నడిచారు. ఒకచోట కూర్చోగానే వోర్స్‌లీ, క్రీన్ నిద్రలోకి జారిపోయారు. ముగ్గురూ నిద్రపోతే మళ్లీ లేవడం ఉండదని షాకిల్టన్‌కు తెలుసు. అయిదు నిమిషాలు ఆగి వాళ్లను తట్టి లేపి, అరగంట పడుకున్నారు పదండి అన్నాడు. వాళ్లు నమ్మి లేచి నడిచారు. మర్నాడు మధ్యాహ్నానికి స్ట్రామ్‌నెస్ కేంద్రం చేరారు. ఆగస్టు 30న ఎలిఫెంట్ దీవి మీది వాళ్లందరినీ ప్రాణాలతో తీసుకొచ్చారు.

ఈ కథలో మనకు కావలసిన సంగతి తర్వాత బయటపడింది. ఆ నడకలో తాము ముగ్గురం కాదు, నలుగురం అని తనకు తరచూ అనిపించిందని షాకిల్టన్ 1919లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. దీని గురించి తాను తోటివాళ్లతో ఏమీ అనలేదట. తర్వాత వోర్స్‌లీయే తనంతట తానుగా, మనతోపాటు ఇంకో మనిషి ఉన్నట్టు ఒక వింత భావన కలిగింది బాస్ అన్నాడు. క్రీన్ కూడా తనదీ అదేనని ఒప్పుకున్నాడు. వోర్స్‌లీకైతే ఎన్నో ఏళ్ల తర్వాత ఆ ప్రయాణం గుర్తు చేసుకుంటూ మనుషుల్ని లెక్కపెడితే కూడా నాలుగో మనిషి ఎవరబ్బా అని ఆగాల్సి వచ్చేది.

వాళ్లు చెప్పనిది కూడా చూడాలి. ఆ నాలుగో మనిషికి ముఖం లేదు, బట్టలు లేవు, గొంతు లేదు. ఏమీ చెప్పలేదు, దారి చూపలేదు. ఊరికే ఉన్నాడు. షాకిల్టన్ దాన్ని దైవానుగ్రహం వైపు తిప్పుకున్నాడు. బైబిలు తెలిసినవాళ్లకు ఇది వినగానే దానియేలు గ్రంథంలోని అగ్నిగుండం గుర్తుకొస్తుంది. అందులో షద్రకు, మేషాకు, అబేద్నెగో అనే ముగ్గురిని బంధించి మంటల్లో పడేస్తారు. రాజు చూస్తే లోపల నలుగురు తిరుగుతుంటారు. ఆ నాలుగోవాడు కూడా అక్కడ ఒక్క మాట మాట్లాడడు.

ఈ అనుభవానికి పాశ్చాత్య దేశాల్లో స్థిరపడ్డ పేరు మాత్రం ‘మూడో మనిషి’. నాలుగు మూడెలా అయిందంటే, టి.ఎస్. ఎలియట్ తన ‘ద వేస్ట్ ల్యాండ్’ కావ్యంలో ఈ సంగతి వాడుకుంటూ ఇద్దరు నడుస్తుంటే పక్కన మూడోవాడెవరు అని రాశాడు. 1922 నాటి ఆ కావ్యం పేరు ప్రఖ్యాతులు నావికుల లెక్కను మింగేశాయి.

దేవదూతల గురించి మాట్లాడేటప్పుడు ఇలాంటి అనుభవాలన్నీ తెచ్చి ఒకే గంపలో వేయడం మామూలు. తెలుగులో ఉన్న రెండు మాటల్ని విడదీసి చూస్తే ఆ గంప అంత సులువుగా నిండదు. ఒకటి దూత, రెండోది తోడు. దూత అంటే కబురు మోసేవాడు. హీబ్రూలో ‘మలాఖ్’ అన్నా, గ్రీకులో ‘ఏంజెలోస్’ అన్నా అర్థం అదే. గ్రంథాల్లోని దూత కళ్లకు కనిపిస్తాడు, నోరు విప్పి మాట్లాడతాడు. చాలా చోట్ల మొదటి మాటే ‘భయపడకు’. ఎదుట నిలబడ్డవాణ్ణి చూసి మనిషి గుండె జారిపోతోంది కాబట్టే ఆ మాట. కబురు చెప్పగానే వెళ్లిపోతాడు. మంచుకొండ మీద షాకిల్టన్ పక్కన నడిచినదానికి ఈ లక్షణాల్లో ఒక్కటీ లేదు. అది వచ్చినట్టు తెలియదు, భయపెట్టలేదు, కబురేమీ తేలేదు. అది తోడు.

మతాలు ఈ తోడుకూ చోటిచ్చాయి, కాకపోతే వేరే గదిలో. తెలుగు కతోలికులు దేవదూతల్ని సన్మనస్కులంటారు. మనిషిని కనిపెట్టుకుని ఉండేవాళ్లు కావలి సన్మనస్కులు, వాళ్ల పండుగ అక్టోబరు 2న. ప్రతి మనిషికీ ఒకరు, మాట్లాడకుండా ఎప్పుడూ పక్కనే. ఇస్లాంలో ఇది ఇంకా కచ్చితంగా ఉంటుంది. ఖురాన్ 50వ సూరాలో కుడివైపు ఒకరు, ఎడమవైపు ఒకరు కూర్చుని మనిషి ప్రతి మాటనూ నమోదు చేస్తారు. 13వ సూరాలో ముందూ వెనకా ఉండి కాపాడేవాళ్ల ప్రస్తావన ఉంది. నమాజు చివర ముఖం కుడికీ, ఎడమకూ తిప్పి సలాం చెప్పేటప్పుడు అది పక్కనున్న మనుషులకే కాదు, ఆ దైవదూతలకూ అని చాలామంది భావిస్తారు. పార్సీల ‘ఫ్రవషి’, రోమన్లు పుట్టినరోజునాడు నైవేద్యం పెట్టిన ‘జీనియస్’ కూడా ఈ కోవకే వస్తాయి. సోక్రటీస్ చెప్పుకున్నది కాస్త విడ్డూరమైన తోడు. అది ఎప్పుడూ ఒక పని చేయవద్దని ఆపేదే తప్ప, చేయమని ఎన్నడూ చెప్పలేదట.

కుడి, ఎడమ, ముందు, వెనక. ఈ వర్ణనల్లో ముఖం ఎలా ఉంటుందన్నదానికంటే ఎక్కడ ఉంటుందన్నదే ముఖ్యం. మతంతో సంబంధం లేకుండా, ఎవరో ఉన్నట్టు అనిపించిందని చెప్పేవాళ్లను అడిగినా అదే తీరు. ఎవరు అంటే తెలియదంటారు. ఎక్కడ అంటే మాత్రం తడుముకోకుండా, ఇదిగో ఈ భుజం వెనక, ఇంత దూరంలో అని చెయ్యి చూపిస్తారు.

1933 జూన్ 1న ఎవరెస్టు మీద ఫ్రాంక్ స్మైత్‌కు జరిగింది దీనికి మంచి ఉదాహరణ. తోటి ఆరోహకుడు ఎరిక్ షిప్టన్ ఒంట్లో బాగాలేక వెనక్కి తిరిగాడు. స్మైత్ ఆక్సిజన్ లేకుండా ఒక్కడే దాదాపు 8,570 మీటర్ల దాకా వెళ్లాడు. ఆ దారి పొడవునా తన వెంట ఒకరున్నారనే భావన ఎంత బలంగా ఉందంటే, తాను జారిపడితే ఆ మనిషి తాడు పట్టి ఆపుతాడన్నంత ధీమా కలిగింది. ఒకచోట ఆగి జేబులోంచి పుదీనా మిఠాయి బిళ్ల తీశాడు. దాన్ని జాగ్రత్తగా రెండు ముక్కలు చేసి, ఒకటి చేత పట్టుకుని వెనక్కి తిరిగాడు, ఇవ్వడానికి. అక్కడ ఎవరూ లేరు.

అదే రోజు దిగేటప్పుడు స్మైత్‌కు ఆకాశంలో రెండు నల్లటి ఆకారాలు కూడా కనిపించాయి. బుడగల్లా ఉండి, ఊపిరి తీస్తున్నట్టు కదులుతున్నాయి. అతను అక్కడికక్కడే పరీక్ష పెట్టుకున్నాడు. చూపు పక్కకు తిప్పి, దూరంగా ఉన్న శిఖరాల పేర్లు ఒక్కొక్కటే తనలో చెప్పుకున్నాడు. పేర్లు సరిగ్గానే వచ్చాయి, బుర్ర పనిచేస్తోందన్నమాట. మళ్లీ చూస్తే ఆ ఆకారాలు అక్కడే ఉన్నాయి. కాసేపటికి పొగమంచు కమ్మి మాయమయ్యాయి.

ఈ రెండు అనుభవాల తేడా గమనించదగ్గది. కంటికి కనిపించినదాన్ని అతను అనుమానించి పరీక్షించాడు. కనిపించనిదాన్ని మాత్రం పరీక్షించాలన్న ఆలోచనే రాలేదు, నేరుగా మిఠాయి పంచబోయాడు. చూపు, వినికిడి మనల్ని మోసం చేయగలవని మనకు తెలుసు. ఎవరో ఉన్నారన్న ఎరుక ఆ దారిలో రాదు. తన చెయ్యి ఎక్కడుందో కళ్లు మూసుకున్నా మనిషికి తెలుస్తుందే, దాదాపు ఆ జాతికి చెందిన ఎరుక అది. అందుకే అంత నమ్మకంగా ఉంటుంది.

ఈ పోలిక గాల్లోంచి తెచ్చింది కాదు. స్విట్జర్లాండ్‌లో మూర్ఛరోగంతో బాధపడుతున్న 22 ఏళ్ల యువతికి శస్త్రచికిత్సకు ముందు మెదడు మీద విద్యుత్ తీగలతో పరీక్షలు చేశారు. ఏ భాగం దేనికి పనికొస్తుందో తెలుసుకోవడానికి ఇలా సన్నటి విద్యుత్ ప్రవాహం పంపి చూస్తారు, ఆ సమయంలో రోగి మెలకువగానే ఉంటారు. ఎడమ చెవికి పైన, కాస్త వెనకగా ఉండే భాగాన్ని తాకినప్పుడు ఆమె, నా వెనక ఎవరో ఉన్నారు అంది. నాడీశాస్త్రవేత్త ఓలాఫ్ బ్లాంకే బృందం దీన్ని 2006లో ప్రకటించింది.

ఆమె పడుకుని ఉంటే ఆ నీడ మనిషి ఆమె కింద, అచ్చంగా ఆమెలాగే పడుకుని ఉన్నాడు. లేచి కూర్చుని మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకోమన్నారు. ఇప్పుడు అతనూ కూర్చున్నాడు, వెనక నుంచి తనను చేతులతో చుట్టేశాడని, అది తనకు నచ్చలేదని చెప్పింది. తర్వాత కుడిచేతిలో ఒక కార్డు ఇచ్చి చదవమన్నారు. అతను ఆ కార్డు లాక్కోవాలని చూస్తున్నాడు, నన్ను చదవనివ్వడం లేదు అంది.

చదివేవాళ్లకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది, ఆ నీడ మనిషి ఆమే. ఆమె ఏ భంగిమలో ఉంటే అతనూ అదే భంగిమ. ఆమె మోకాళ్లను చుట్టుకుంటే అతను ఆమెను చుట్టుకున్నాడు. విచిత్రమేమిటంటే ఈ పోలిక ఆమెకు తట్టలేదు. చివరిదాకా అతను వేరే మనిషే, పైగా తన సొంత ఉద్దేశాలున్నవాడు.

మెదడులోని ఆ భాగం చూపు, స్పర్శ, తూకం, కీళ్ల కదలిక చెప్పే సమాచారాన్ని కలిపి ‘నేను ఇక్కడున్నాను’ అనే లెక్క కడుతుంది. ఆ లెక్క తప్పినప్పుడు ఒకే ఒంటికి రెండు చిరునామాలు వస్తాయి. ఒకటి నేను, రెండోది పక్కన ఇంకెవరో. దీన్ని మామూలు మనుషుల్లోనూ పుట్టించవచ్చా అని అదే బృందం చూసింది. 2014లో ప్రచురించిన ప్రయోగం ఇది. కళ్లకు గంతలు కట్టుకున్న మనిషి ముందున్న ఒక యంత్రపు పిడిని వేలితో పొడుస్తుంటాడు. వెనక ఇంకో యంత్రం అదే కదలికను అతని వీపు మీద చేస్తుంది. రెండూ ఒకేసారి జరిగితే తన వీపును తానే తాకుతున్నట్టు అనిపిస్తుంది. వెనక యంత్రాన్ని అర సెకను ఆలస్యం చేశారు. అంతే, కొందరికి గదిలో తమ వెనక ఇంకెవరో నిలబడి ఉన్నట్టు తోచింది. ఆ ఇబ్బంది తట్టుకోలేక ప్రయోగం ఆపేయమన్నవాళ్లూ ఉన్నారు.

చేసే పనికీ, ఒంటికి తెలిసేదానికీ మధ్య అర సెకను ఎడం పడితే అవతల ఒక మనిషి పుడుతున్నాడు. రెండు రోజులు నిద్రలేని ఒళ్లు, ప్రాణవాయువు పలచబడ్డ నెత్తురు, ఎటు చూసినా తెలుపే కనిపించే కొండ, చెవిలో ఒకే లయలో అడుగుల చప్పుడు, ఇవన్నీ ఆ ఎడం పెంచేవే అనుకోవడం సబబే. అయినా ఈ వివరణ దగ్గర ఆగిపోతే సగం కథే అవుతుంది. స్విస్ యువతికి ఆ మనిషి చిరాకు పుట్టించాడు. స్మైత్‌కు ధీమా ఇచ్చాడు. లెక్క తప్పడం రెండు చోట్లా ఒకటే అయితే ఒకరికి తోడు, ఇంకొకరికి పీడ ఎందుకయింది? తీగల ప్రయోగం దీనికి జవాబు చెప్పదు.

జవాబులో ఒక భాగం నిద్రలో దొరుకుతుంది. కలలొచ్చే నిద్రలో ఒంటి కండరాలు పట్టు సడలి కదలకుండా పోతాయి, లేకపోతే కలలో పరుగెత్తినవాడు మంచం దిగి పరుగెత్తుతాడు. ఒక్కోసారి మెలకువ ముందొచ్చి, ఒంటి కట్టు ఇంకా విడదు. కళ్లు తెరుచుకుంటాయి, వేలు కూడా కదలదు, ఊపిరి భారంగా ఉంటుంది. గదిలో ఎవరో ఉన్నారని తెలుస్తుంది, వాళ్లు మంచివాళ్లు కాదనీ తెలుస్తుంది. మన ఊళ్లలో దీనికి ఉన్న మాట ‘దయ్యం గుండెల మీద కూర్చుంది’. కదలలేని స్థితిలో మెదడు ప్రమాదాన్ని వెతుకుతుంది, కాబట్టి అప్పుడు తోచే మనిషి శత్రువవుతాడు. కొండ మీద ఒంటరిగా నడిచేవాడికి ప్రమాదం చలి నుంచి, లోయ నుంచి. మనిషన్నవాడు ఎవడైనా అక్కడ సాయమే. ఎవరో ఉన్నారన్న ముడిసరుకు ఒకటే, మిగతాది ఆ పూట అవసరాన్ని బట్టి. అది దూతా, దయ్యమా అన్నది ఇంకా తర్వాతి మాట, అది ఇంట్లో విన్న మాటల నుంచి వస్తుంది.

తెలుగు ఊళ్లలో ఈ పేర్లు పెట్టే తీరు కొంచెం వేరు. పోతురాజు, పొలిమేర దేవతలు, బొడ్రాయి, ఇంటి ఇలవేల్పు, వీళ్లందరూ కాపలాదారులే, అయితే కాపలా కాసేది ఊరినీ ఇంటినీ వంశాన్నీ. మనిషికొకరు చొప్పున పక్కన నడిచే కావలి దేవత మన జానపదంలో అంత బలంగా లేదు. ఆ ఖాళీని నింపేది పోయినవాళ్లు. శ్మశానం నుంచి బయల్దేరేటప్పుడు వెనక్కి తిరిగి చూడవద్దంటారు. ముందుకో పక్కకో కాదు, వెనక్కే. ఎవరో ఉన్నట్టు అనిపించే చోటు కూడా ఎక్కువగా అదే. ఈ ఆచారానికి పుట్టుక ఆ అనుభవమేనని రుజువు చేయలేం కానీ, రెండూ ఒకే దిక్కు చూపించడం ఊరికే పోనివ్వాల్సిన సంగతి కాదు.

పోయినవాళ్ల ఉనికి గురించి అందరూ ఎత్తిచూపే సర్వే వేల్స్ పల్లెల్లో జరిగింది. డ్యూయీ రీస్ అనే వైద్యుడు భార్యనో భర్తనో పోగొట్టుకున్న 293 మందిని స్వయంగా కలిసి మాట్లాడి, 1971లో ఫలితాలు ప్రచురించాడు. దాదాపు సగం మందికి పోయినవాళ్లకు సంబంధించిన ఏదో ఒక అనుభవం కలిగింది. చూశామన్నవాళ్లు, గొంతు విన్నామన్నవాళ్లు నూటికి పద్నాలుగు, పదమూడు మంది. తాకినట్టు తెలిసిందన్నవాళ్లు మరీ తక్కువ. కానీ చూడకుండా, వినకుండా, ఇంట్లో ఉన్నట్టు అనిపించిందన్నవాళ్లు నూటికి 39 మంది. ఇక్కడా ముఖం లేని ఉనికిదే పైచేయి. ఎక్కువకాలం కాపురం చేసినవాళ్లలో ఇది మరింత ఎక్కువ.

దీన్ని లెక్క తప్పడం అనే భాషలోనే చెప్పాలంటే, నలభై ఏళ్లు పక్క గదిలో ఒక మనిషి అలికిడిని బట్టి తన పనులు సర్దుకున్న ఒళ్లు, ఆ మనిషి పోయాక కూడా కొంతకాలం అదే అంచనా కడుతూ ఉంటుంది. చెంచా చప్పుడుకు, తలుపు కిర్రుమన్నదానికి పాత జవాబే వస్తుంది. ఇది శాస్త్రం నిరూపించిన మాట కాదు, ఊహ. నమ్మకం ఉన్నవాళ్లు దీన్ని తిరగేసి, ఆయన నిజంగానే ఉన్నాడు, మెదడులో ఆ భాగం ఆయన్ను పట్టుకునే సాధనం అంటారు. తీగలు, యంత్రాలు ఆ మాటను కొట్టేయలేవు. ఎక్కడ, ఎలా తోస్తుందో అవి చూపిస్తాయి. ఎవరో ఉన్నారా లేదా అన్నది వాటి పరిధిలోకి రాదు.

వైద్యుడికి చెప్పవలసిన సందర్భాలు మాత్రం ఉన్నాయి. అవి దేవుడి లెక్కతో తేలేవి కావు. కొండ మీద, దుఃఖంలో, నిద్ర అంచున ఇలా అనిపించి పోతే అది జబ్బు కాదు. కారణమేదీ లేకుండా, పట్టపగలు, రోజూ పక్కనో వెనకనో ఎవరో ఉన్నట్టు పెద్దవయసువాళ్లకు అనిపిస్తుంటే అది పార్కిన్సన్స్ జబ్బులోనో, ఒక రకం మతిమరుపులోనో భాగం కావచ్చు. నడక మందగించడం, చేతి వణుకు, కలల్లో చేతులూ కాళ్లూ విసరడం తోడైతే అనుమానం బలపడుతుంది. కుర్రవాళ్లలో ఇది ఉన్నట్టుండి కొన్ని క్షణాలు వచ్చి, అదే తీరున మళ్లీ మళ్లీ వస్తుంటే మూర్ఛ పరీక్ష అవసరం కావచ్చు. ఆ ఉనికి ఆజ్ఞలు ఇవ్వడం, హాని తలపెడుతోందని అనిపించడం మొదలైతే అది ఇక్కడ చెప్పుకున్న మౌనపు తోడు కాదు, ఆలస్యం చేయకూడని వేరే సంగతి.

చిక్కేమిటంటే అడగందే ఎవరూ చెప్పరు. రీస్ కలిసినవాళ్లలో ఇలాంటి అనుభవం ఉన్నవాళ్లు ముప్పావు వంతు దాకా అప్పటివరకు దాన్ని ఎవరికీ చెప్పలేదు. పక్కింటివాళ్లకు చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు, తమ డాక్టరుకు ఒక్కరూ చెప్పలేదు. నవ్వుతారని కొందరు, మనసులోని మాట ఎందుకు బయటపెట్టాలని కొందరు. అది పోవాలని కోరుకోనందువల్ల కూడా చాలామంది చెప్పి ఉండరు. ఎందుకంటే ఆ అనుభవం తమకు ఊరటగా ఉందని అన్నవాళ్లే వాళ్లలో ఎక్కువ.